బాబుకి జీడిపప్పు అలర్జీ: ఒంటి మీద దద్దుర్లే లేవు, అయినా ప్రాణం మీదకొచ్చింది

మియాపూర్ అమ్మ | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నిన్నటి నుంచి నిద్ర లేదు. కాస్త వివరంగానే రాస్తాను, ఎక్కడ తప్పు చేశామో చెప్పండి.

మా బాబుకి ఆరేళ్లు, 19 కిలోలు ఉంటాడు. మూడేళ్లప్పుడు కాజు కత్లీ తిని మూతి చుట్టూ ఎర్రగా కందిపోయింది. అప్పుడు రక్త పరీక్ష చేయిస్తే జీడిపప్పు, పిస్తా రెండిటికీ అలర్జీ అని వచ్చింది. అప్పటి నుంచి ఇంట్లో జీడిపప్పు లేదు. చలికాలం వాడికి కొంచెం పిల్లికూతలు కూడా వస్తాయి, ఇన్‌హేలర్ వాడతాం.

శనివారం మా మరిది కూతురి నిశ్చితార్థం, కొంపల్లి దగ్గర ఫంక్షన్ హాల్. పన్నీర్ కూర గిన్నె దగ్గర నిలబడి, వడ్డించే అబ్బాయిని నేనే అడిగాను, "ఇందులో జీడిపప్పు వేశారా?" అని. అతను గరిటెతో కలిపి చూపించి "లేదు మేడమ్, చూడండి" అన్నాడు. నిజంగానే ఒక్క పప్పు కూడా కనపడలేదు. రుమాలీ రోటీతో మూడు నాలుగు ముద్దలు తినిపించాను.

పది నిమిషాలు కాలేదు, నాలుక దురదగా ఉందన్నాడు. తర్వాత "గొంతులో ఏదో ఉందమ్మా" అంటూ ఊరికే సకిలించడం. ఆ వెంటనే వాంతి. చొక్కా ఎత్తి చూశాను, ఒక్క దద్దురు లేదు. దద్దుర్లు లేవు కదా, ఎసిడిటీ ఏమో అని మా అత్తగారు సోడా పట్టమన్నారు. నా పర్సులో ఉన్న సెట్రిజిన్ సిరప్ పోశాను, అదీ కక్కేశాడు. దగ్గు ఆగట్లేదు, గొంతు బొంగురుపోయింది. మావారు వాణ్ణి నడిపించుకుంటూ పార్కింగ్ దాకా తీసుకెళ్లారు. కారు దగ్గరికి వెళ్లేసరికి ముఖం తెల్లగా పాలిపోయి కూలబడిపోయాడు.

హాస్పిటల్ పావుగంట దూరం. అక్కడ ముందు అలర్జీ సూది, స్టెరాయిడ్ సూది వేసి ఆక్సిజన్ పెట్టారు. పది నిమిషాల తర్వాత పెద్ద డాక్టర్ వచ్చి చూసి, తొడకి ఇంకో సూది వేశారు. నేను చూస్తుండగానే వాడి ముఖానికి రంగు వచ్చింది. రాత్రంతా ఉంచమన్నారు. నాకేమో బాగానే ఉన్నాడుగా, ఇంటికి వెళ్దామని. నయం, వెళ్లలేదు. రెండింటికి మళ్లీ దగ్గు, ఈసారి ఒళ్లంతా దద్దుర్లు. మళ్లీ అదే తొడ సూది.

నా ప్రశ్నలు రెండే. పప్పే లేని కూరలో అలర్జీ ఎలా వచ్చింది? దద్దుర్లు లేకుండా ఇది అలర్జీ అని మేమెలా కనిపెట్టాలి?

---

కేటరింగ్ మామ | రాత్రి 9:31

అమ్మా, మొదటి ప్రశ్నకి నేను చెప్తాను. ఇరవై ఏళ్ల నుంచి ఇదే పని. ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. మీరు "వేశారా" అని అడిగారు, అతను పైన వేయలేదన్నాడు. రుబ్బారా అని అడగాల్సింది.

మా దగ్గర పొద్దున్నే వైట్ గ్రేవీ అని ఒకటి తయారవుతుంది. ఉల్లిపాయలు, ముక్క జీడిపప్పు, మగజ్ అంటే పుచ్చ గింజల పప్పు, అన్నీ ఉడకబెట్టి గ్రైండర్‌లో మెత్తగా తిప్పేస్తాం. వెన్నలా వస్తుంది. సాయంత్రం ఆ గ్రేవీయే పన్నీర్‌లోకి, కుర్మాలోకి, మేథీ మలాయ్‌లోకి, కోఫ్తాలోకి వెళ్తుంది. ఎర్ర కూరైతే టమాటా కలుపుతాం, పచ్చ కూరైతే పాలకూర. రంగులే వేరు, కింద ఉన్నది ఒకటే. పప్పు ఎక్కడ కనపడుతుంది?

వడ్డించేవాడికి అది తెలియదు. ఆ పూట కూలికి వచ్చిన పిల్లవాడు. వంట మేస్త్రీనే అడగాలి, అదీ భోజనాల టైములో కాదు, పొయ్యి మీద ఉన్నప్పుడు. "ఈ గ్రేవీలో ఏమేం రుబ్బారు?" అని అడిగితే నిజం బయటికొస్తుంది.

పప్పన్నం పెట్టుకుందామన్నా గరిటెలు చూసుకోండి. మా వాళ్లు ఒకే గరిటె నాలుగు గిన్నెల్లో తిప్పుతారు. నేనే తిడుతుంటాను.

---

శ్రీధర్ ఎల్బీనగర్ | రాత్రి 9:50

మేడమ్, టెన్షన్ పడకండి. ముందు ఫుల్ అలర్జీ ప్యానెల్ చేయించండి. వంద పదార్థాలకి ఒకేసారి చూసేస్తారు, ఇంటికొచ్చి రక్తం తీసుకుంటారు. మా పాపకి చేయిస్తే గోధుమ, వంకాయ, శనగపిండి, కోడిగుడ్డు, ఇంకా పదకొండు వచ్చాయి. అన్నీ మాన్పించేశాం.

ఇంకోటి, విదేశాల్లో పెన్నులాంటి సూది ఉంటుంది, తొడకి నొక్కితే చాలు. మన మెడికల్ షాపుల్లో మామూలుగా దొరకదు. అడ్రినలిన్ ఆంప్యూల్ మాత్రం చవకే. ఒకటి, ఒక ఇన్సులిన్ సిరంజి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ముందు సెట్రిజిన్ వేసి అరగంట చూడండి, తగ్గకపోతే సూది.

---

రాత్రి డ్యూటీ | రాత్రి 10:24

క్యాజువాలిటీలో పనిచేసే డాక్టర్ని. శ్రీధర్ గారు, మీరు చెప్పినదాంట్లో సగం కరెక్టే. తప్పున్న సగంతోనే భయం, కాబట్టి వరసగా చెప్తాను.

ఆ అరగంట చూడటం వద్దు. సెట్రిజిన్ దురదకి, దద్దుర్లకి పనిచేస్తుంది. గొంతు వాపుని ఆపదు, పడిపోయిన బీపీని లేపదు. స్టెరాయిడ్‌కి గంటలు పడుతుంది. ఆ బాబుకి రంగు తెప్పించింది తొడ సూది, అదే అడ్రినలిన్. అది ముందు పడాల్సింది, మూడో సూదిగా పడింది. ఇలా జరగడం నేను చాలాసార్లు చూశాను.

దద్దుర్ల సంగతి. పది మందిలో ఒకరిద్దరికి తీవ్రమైన అలర్జీలో కూడా దద్దుర్లు కనపడవు, లేదా బాబుకి రెండోసారి వచ్చినట్టు ఆలస్యంగా వస్తాయి. అందుకని చర్మం ఒక్కటే చూడకూడదు. పడనిది తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు, శరీరంలో రెండు చోట్ల తేడా వచ్చిందా అని చూడాలి. వాంతి కడుపుకి సంబంధించింది, ఆగని దగ్గు ఊపిరికి సంబంధించింది. ఆ రెండూ కలిసినప్పుడే మీ దగ్గర సూది ఉంటే వేసేయాల్సింది. గొంతు మారిపోవడం, ఊపిరిలో కూత, నాలుక వాపు, ముఖం పాలిపోవడం, పిల్లవాడు ఉన్నట్టుండి వడలిపోవడం: వీటిలో ఒక్కటి కనపడినా రెండోదాని కోసం ఆగక్కర్లేదు. పిల్లికూతలు వచ్చే పిల్లలకి ముప్పు ఎక్కువ. ఇన్‌హేలర్ కొట్టినా అది అడ్రినలిన్‌కి బదులు కాదు.

ఇంకోటి, మీవారిని తప్పుపట్టడానికి కాదు గానీ, నడిపించడం వద్దు. బీపీ పడిపోతున్నప్పుడు నిలబెడితే గుండెకి రక్తం చేరదు. కారు దగ్గర కూలబడింది అందుకే. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ల కింద ఏదైనా ఎత్తు పెట్టాలి. వాంతులైతే పక్కకి తిప్పాలి. ఆయాసం ఎక్కువగా ఉంటే కాళ్లు చాపి కూర్చోబెట్టొచ్చు. ఎక్కడికైనా ఎత్తుకునే తీసుకెళ్లాలి. 108కి ఫోన్ చేస్తే "వాంతులు" అని చెప్పకండి, "తిండి అలర్జీ, ఊపిరి ఆడట్లేదు" అనండి.

ఇక ప్యానెల్. లక్షణాలు లేకుండా వందకి పరీక్ష చేస్తే, తిని హాయిగా అరిగించుకునే వాటికి కూడా పాజిటివ్ వస్తుంది. రక్తంలో ఆ గుర్తు ఉండటం వేరు, తింటే అలర్జీ రావడం వేరు. మీ పాప అంతకుముందు గోధుమ రొట్టె తిని బాగానే ఉండేదా? ఉంటే, పదిహేను మాన్పించేముందు అలర్జీ డాక్టర్‌కి ఒకసారి చూపించండి. ఎదిగే పిల్ల.

---

శ్రీధర్ ఎల్బీనగర్ | రాత్రి 10:40

చపాతీ రోజూ తినేది డాక్టర్ గారూ. ఒంటి మీద పొక్కులు వస్తుంటే చేయించాం. మాన్పించాక కూడా పొక్కులు వస్తూనే ఉన్నాయి, నిజం చెప్పాలంటే.

---

పద్మక్క అంబర్‌పేట్ | రాత్రి 10:52

నాకూ అలర్జీయే అమ్మా. పాలు తాగితే కడుపు ఉబ్బరం, గుడగుడ. పెరుగైతే ఏం కాదు. నేను కూడా ఆ సూది పెట్టుకోవాలా? ఇంకో డౌటు, జీడి పడదంటే మామిడి కూడా పడదు కదా? చిన్నప్పుడు చెట్టెక్కి కాయ కొరికితే నా మూతంతా పుండ్లయ్యాయి. మా నాయనమ్మ "జీడి కొట్టింది" అనేది.

---

రాత్రి డ్యూటీ | రాత్రి 11:05

పద్మక్కా, మీది అలర్జీ కాదు. పాలల్లోని చక్కెర అరగకపోవడం. పెరుగులో అది కొంత తగ్గుతుంది, అందుకే పడుతోంది. ఇబ్బందే గానీ ప్రాణం మీదకి రాదు. సూది అక్కర్లేదు.

మామిడి గురించి మీ నాయనమ్మ మాటలో విషయముంది. మామిడి, జీడిమామిడి, పిస్తా, చాకళ్లు బట్టల మీద గుర్తులు పెట్టే నల్లజీడి, అన్నీ ఒకే కుటుంబం చెట్లు. మీ మూతి పుండ్లయింది కాయ సొనకి. అది తగిలిన చోట ఒకట్రెండు రోజులకి వచ్చే పుండు, పది నిమిషాల్లో గొంతు మూసుకుపోయే రకం కాదు. జీడిపప్పు పడని పిల్లల్లో చాలామంది మామిడి పండు సుబ్బరంగా తింటారు. పిస్తా మాత్రం వేరే సంగతి. జీడిపప్పు పడని వాళ్లకి చాలావరకు పిస్తా కూడా పడదు, రెండిటి ప్రొటీన్లు అంత దగ్గర.

---

జీడిమెట్ల క్వాలిటీ | సోమవారం ఉదయం 7:15

జీడి చర్చలోకి జీడిమెట్ల నుంచి వచ్చాను, నవ్వకండి. ఒక ఫుడ్ ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తాను. లేబుల్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి చెప్తున్నా.

ముందు ఆకుపచ్చ చుక్క. అది శాకాహారమని మాత్రమే చెప్తుంది. జీడిపప్పు, పాలు, పల్లీలు అన్నీ ఆకుపచ్చే. మా పక్కింటావిడ పాలు పడని మనవడికి చుక్క చూసి బిస్కెట్ కొనేది.

తర్వాత ముడిసరుకుల జాబితా. బరువులో ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది చివర. జీడిపొడి చివర్లో ఉందంటే తక్కువ ఉందని అర్థం, భయం లేదని కాదు. దాని దగ్గర్లోనే "కంటెయిన్స్" అని అలర్జీ వరస ఉంటుంది. మన దేశంలో చట్టం ప్రకారం అక్కడ చెప్పాల్సినవి: గ్లూటెన్ ఉన్న గోధుమలాంటి ధాన్యాలు, రొయ్య పీత జాతి, పాలు, గుడ్డు, చేప, పల్లీలు, జీడిపప్పు బాదంలాంటి గింజలు, సోయా, కొంత మోతాదు దాటిన సల్ఫైట్. నువ్వులు, ఆవాలు ఈ జాబితాలో లేవు. నువ్వులు పడని వాళ్లు ఆ ఒక్క వరస చూసి నమ్మితే మోసపోతారు, మొత్తం జాబితా చదవాల్సిందే.

"మే కంటెయిన్" అన్నది వేరు. అంటే వంటకంలో వేయలేదు గానీ అదే మెషీన్ మీద అంతకుముందు జీడిపప్పు బిస్కెట్ నడిచి ఉండొచ్చని. ఆ మాట లేనంత మాత్రాన మెషీన్ వేరే అని అనుకోవద్దు. మా దగ్గర లైన్ మారేటప్పుడు కడిగి, తుడిచి, పరీక్ష చేసి గానీ వదలం. అందరూ అంత చేస్తారని నేను హామీ ఇవ్వలేను.

ఇంట్లో ఎవరూ ఊహించనిది ఇంగువ. డబ్బా తిప్పి చూడండి, చాలావాటిలో గోధుమపిండో బియ్యప్పిండో కలిసి ఉంటుంది. గోధుమ పడని పిల్లలకి రోజూ చారులో అదే పడుతుంటుంది.

ఒక్క ఇబ్బంది ఏమిటంటే, లేబుల్ ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉంటే చట్టానికి చాలు. బిడ్డని చూసుకునే నానమ్మకి ఆ రెండూ రాకపోతే? మా ఇంట్లో కొన్న ప్యాకెట్లకి ఎర్ర స్టిక్కర్ నేనే అంటిస్తాను. పాత సరుకే కదా అని వదలను, అదే ప్యాకెట్‌లో రెసిపీ మారిపోతుంటుంది.

---

కేటరింగ్ మామ | ఉదయం 7:48

విడి సరుకుకి లేబులెక్కడిది సార్. బేగంబజార్‌లో బాదం, జీడిపప్పు, కిస్‌మిస్ పక్కపక్కనే గోతాల్లో ఉంటాయి, ఒకే డబ్బాతో తీసి తూకం వేస్తారు. స్వీట్ల మీద చల్లే పిస్తా తరుగు కూడా ఒక్కోచోట రంగేసిన పల్లీ ముక్కలే. పల్లీలు పడనివాళ్లకి అది ఇంకో గండం. బగారా బైంగన్, మిర్చీ సాలన్‌లో పల్లీలు, నువ్వులు ఎలాగూ ఉంటాయి. హలీంలో గోధుమ ఉంటుంది, జీడిపప్పు కూడా పడుతుంది, అది అందరికీ గుర్తుండదు.

---

మియాపూర్ అమ్మ | బుధవారం సాయంత్రం 6:30

అందరికీ థ్యాంక్స్. ఈరోజు అలర్జీ డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చాం. పరీక్షకి వారం ముందు నుంచి సెట్రిజిన్ ఆపాలట, అందుకని చర్మం మీద చేసే పరీక్ష వచ్చే వారం.

అడ్రినలిన్ రాసిచ్చారు. ఒక మిల్లీలీటరు ఆంప్యూల్‌లో ఒక మిల్లీగ్రాము ఉంటుంది, కిలోకి 0.01 మిల్లీగ్రాము చొప్పున మా వాడి బరువుకి 0.2 మిల్లీలీటర్లు అని చీటీ మీద పెద్దగా రాసి, గీత గీసి చూపించారు. తొడ మధ్యలో, బయటివైపు, ప్యాంటు మీద నుంచే అయినా సరే. ఐదు నిమిషాలకి తగ్గకపోతే రెండోది. అందుకని రెండు ఆంప్యూళ్లు, రెండు సిరంజీలు.

ఆంప్యూల్ మెడ విరవడం నాకు రాలేదు. మొదటిది చేతిలోనే నలిగి వేలు తెగింది. నర్సమ్మ నీళ్ల ఆంప్యూళ్లు నాలుగు ఇచ్చి విరిపించారు. దూదితో పట్టుకుని, చుక్క ఉన్నవైపు బొటనవేలు పెట్టి, వెనక్కి వంచితే టక్కుమని విరుగుతుంది. ఇంటికొచ్చి బత్తాయి మీద గుచ్చడం ప్రాక్టీసు చేస్తున్నాం. మొదట విరిచి, లాగి, గుచ్చేసరికి రెండు నిమిషాలు పట్టింది. ఇప్పుడు నలభై సెకన్లు. మావారికి ఇంకా నిమిషం పైనే.

డాక్టర్ గారూ, శ్రీధర్ గారన్న ఇన్సులిన్ సిరంజి అంటే మా డాక్టర్ వద్దన్నారు. ఎందుకో అడగడం మర్చిపోయా.

---

రాత్రి డ్యూటీ | బుధవారం రాత్రి 11:40

రెండు కారణాలు. దాని సూది పొట్టి, తొడ కండలోకి దిగకుండా కొవ్వులోనే ఆగిపోవచ్చు. అక్కడి నుంచి మందు నెమ్మదిగా ఎక్కుతుంది. రెండోది, దాని మీద గీతలు మిల్లీలీటర్లు కావు, యూనిట్లు. 40 రకం సిరంజిలో 0.2 మిల్లీలీటర్లు అంటే 8 యూనిట్లు, 100 రకంలో 20. కంగారులో ఇవి తారుమారైతే మోతాదే మారిపోతుంది. మిల్లీలీటర్ గీతలున్న ఒక మిల్లీలీటర్ సిరంజి, అంగుళం సూది మేలు.

ఫ్రిజ్‌లో పెట్టమనడం కూడా అక్కర్లేదు. చల్లగా, చీకటిగా ఉన్న చోట చాలు. మే నెలలో ఎండలో నిలబెట్టిన కారులో మాత్రం వదలకండి. మందు గోధుమ రంగుకి తిరిగితే పారేయాలి. వాడు ఎక్కడుంటే ఆ డబ్బా అక్కడుండాలి, బీరువాలో కాదు. సూది వేశాక తగ్గినా హాస్పిటల్‌కి వెళ్లాల్సిందే, ఆ రాత్రి రెండింటికి ఏమైందో మీరే చూశారు.

---

శ్రీధర్ ఎల్బీనగర్ | గురువారం ఉదయం 8:05

సిరంజి విషయం నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. పాపని నిన్న డాక్టర్‌కి చూపించాం. చర్మం పొడిబారే జబ్బు అన్నారు. పదిహేనులో గుడ్డు ఒక్కటే అనుమానం, వాళ్ల ముందే కొంచెం కొంచెం పెట్టి చూస్తారట. నిన్న రాత్రి చపాతీ రెండు తింది. ఏం కాలేదు. వాళ్లమ్మ మాత్రం పడుకోలేదు.

ఒక్క ప్రశ్న. "మే కంటెయిన్" ఉన్నవన్నీ మానేయాలా? అలా అయితే చాక్లెట్లే మిగలవు.

---

జీడిమెట్ల క్వాలిటీ | గురువారం ఉదయం 8:30

మా బిడ్డయితే మానేస్తాను. పది ప్యాకెట్లలో తొమ్మిదింట్లో ఏమీ ఉండకపోవచ్చు, పదోది ఏదో నాకు తెలియదు.

---

రాత్రి డ్యూటీ | గురువారం మధ్యాహ్నం 2:10

ఇందులో డాక్టర్ల మాట కూడా ఒక్కటి కాదు. గోరంత తగిలినా రియాక్షన్ వచ్చినవాళ్లకి, పిల్లికూతలున్నవాళ్లకి నేను వద్దంటాను. మిగతావాళ్లకి ఇంట్లో మాట్లాడుకుని నిర్ణయించుకోమంటాను. తిన్నా సరే, ప్రయాణంలో, జ్వరమున్నప్పుడు, సూది దగ్గర లేనప్పుడు మాత్రం వద్దు.

---

పద్మక్క అంబర్‌పేట్ | గురువారం సాయంత్రం 5:45

బిడ్డకి బంగినపల్లి పళ్లు పంపిద్దామనుకుంటున్నా. పంపొచ్చా?

---

మియాపూర్ అమ్మ | శుక్రవారం రాత్రి 9:20

పంపండి పద్మక్కా, వాడికి ప్రాణం. సొన పోయేలా కడిగి, తొక్క తీసి పెడతాను.

అసలు చిక్కు ఇప్పుడు స్కూల్లో. టిఫిన్ డబ్బాలు పంచుకోవద్దని చెప్పగలరట, సూది మాత్రం ఏ టీచరూ వేయరట. "ఏమైనా అయితే మీకు ఫోన్ చేస్తాం" అన్నారు. మా ఆఫీసు నుంచి స్కూలుకి ట్రాఫిక్ లేకపోతే పాతిక నిమిషాలు. శనివారం వాడు కూలబడటానికి అంతసేపు కూడా పట్టలేదు. స్కూల్లో నర్సు లేదు. ఇక్కడ ఎవరి స్కూల్లోనైనా ఒప్పుకున్నారా? కాగితం మీద ఏం రాయించుకున్నారు?

---

కేటరింగ్ మామ | శుక్రవారం రాత్రి 9:41

మా చిన్నోడి స్కూల్లో పీఈటీ సారు ఒప్పుకున్నారమ్మా, ఒక పిల్లకి. డాక్టర్ చీటీ, తల్లిదండ్రుల సంతకం తీసుకున్నారని విన్నా. అంతకుమించి తెలియదు.

---

మియాపూర్ అమ్మ | శుక్రవారం రాత్రి 10:02

ప్రిన్సిపాల్ మేడమ్ సోమవారం పదింటికి రమ్మన్నారు. డాక్టర్ చీటీ, నాలుగు నీళ్ల ఆంప్యూళ్లు, సిరంజీలు, రెండు బత్తాయిలు పట్టుకెళ్తున్నా. ఒప్పుకుంటారో లేదో వచ్చి రాస్తాను.